అమావాస్య నాటి నెలపొడుపు

2025 మార్చి 30, ఆదివారం. మనకు విశ్వావసు ఉగాది. ఇంటింటా వేపపువ్వు పచ్చడి. అదే పొద్దున అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఊళ్లో జనం కొత్త బట్టలు వేసుకుని ఈద్ నమాజుకు బయల్దేరారు. అల్ ఐన్‌ను ఆనుకుని, ఒక్క కంచె అవతల, ఒమన్ వాళ్ల బురైమి ఉంది. అక్కడ అదే పొద్దున జనం ఉపవాసంలో ఉన్నారు. రంజాన్ నెల రెండూళ్లలోనూ మార్చి 1నే మొదలైంది. ఎడారి ఒకటే. ఎండ ఒకటే. సూర్యుడు రెండు చోట్లా కలిసే కుంకుతాడు. అయినా కంచె ఇవతల ఇరవై తొమ్మిది రోజులకే నెల నిండిపోయింది. కంచె అవతల ముప్పై పట్టింది.

చంద్రుడికి వీసా ఎవరిచ్చారు? కంచె ఇవతలికి వచ్చి, అవతలికి వెళ్లకుండా ఆయన్ను ఆపిందెవరు?

ఇక్కడే ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. "ఏముందండీ, ఇస్లామిక్ క్యాలెండర్ చంద్రుణ్ని చూసి నడుస్తుంది, ఊరూరికీ ఒక రోజు తేడా వస్తుంది, సహజం" అంటాడు. నిజమే. తేడా సహజం. అయితే అయ్యా, ప్రతి తేడా సహజం కాదు. కొన్ని తేడాలను ఆకాశం పెడుతుంది. కొన్నిటిని కుర్చీలు పెడతాయి. రెండో రకం తేడాకు మొదటి రకం తేడా ముసుగు తొడిగి, మన మీదకు వదులుతున్నారు. ఆ ముసుగు తీయడానికే ఈ గొడవంతా.

ముందు ఆకాశం సంగతి చూద్దాం. అది అబద్ధమాడదు కాబట్టి త్వరగా అయిపోతుంది.

చంద్రుడి నెల సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. సగం రోజును ఏ క్యాలెండరూ లెక్కలో వేసుకోలేదు. అందుకని నెలకు 29 రోజులైనా ఉండాలి, 30 అయినా ఉండాలి. ఏదో తేల్చడానికి ఇస్లాం పెట్టుకున్న పద్ధతి చాలా సులువు. ఇరవై తొమ్మిదో రోజు సూర్యుడు కుంకగానే పడమటి వైపు చూడు. నెలవంక కనపడిందా, కొత్త నెల అప్పుడే మొదలు, ఎందుకంటే అక్కడ రోజు సాయంత్రంతోనే మొదలవుతుంది. కనపడలేదా, మబ్బు పట్టిందా, ముప్పై నింపు. అంతే. గొల్లవాడైనా, పడవవాడైనా, ఖాజీ అయినా ఒకే పరికరం: రెండు కళ్లు.

మరి తేడా ఎక్కడొస్తుంది? అమావాస్య తిథి ముగిసే క్షణం భూమి మొత్తానికీ ఒక్కటే. ఆ క్షణం నుంచి చంద్రుడు సూర్యుడికి గంటకు సుమారు అర డిగ్రీ చొప్పున దూరం జరుగుతాడు. కంటికి కనిపించేంత దూరం జరగడానికి మామూలుగా పదిహేను, ఇరవై గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా భూమి తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో పొద్దు కుంకేసరికి చంద్రుడి వయసు పన్నెండు గంటలైతే, అదే రోజు మొరాకోలో పొద్దు కుంకేసరికి దాదాపు పద్దెనిమిది అవుతుంది. మనకు కనపడని వంక వాళ్లకు కనపడుతుంది. అంటే పడమరకు వెళ్లేకొద్దీ కనిపించే అవకాశం పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత చాలామంది పరువు దీని మీదే పోతుంది.

ఈ నిజాయితీ గల తేడా మన దేశంలోనే ఉంది. 2024 చూడండి. ఏప్రిల్ 8న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం. గ్రహణమంటే సూర్యచంద్రులు కలిసిన క్షణమే. మన గడియారంలో అది రాత్రి 11 గంటల 51 నిమిషాలు. మర్నాడు, అంటే 9న, మనకు క్రోధి ఉగాది. ఆ సాయంత్రం పొద్దు కుంకేసరికి చంద్రుడి వయసు పందొమ్మిది గంటల లోపు. కనపడనూవచ్చు, కనపడకపోనూవచ్చు. సరిగ్గా గట్టు మీద ఉన్న వంక. కేరళలో కనపడింది. 10న పండుగ చేసుకున్నారు. హైదరాబాద్‌లో, ఢిల్లీలో కనపడలేదు. ముప్పై నింపి 11న చేసుకున్నారు. కేరళ వాళ్ల ఉపవాసాలు ఇరవై తొమ్మిది, మనవి ముప్పై. ఎవరైనా అబద్ధమాడారా? లేదు. ఎవరైనా కొట్టుకున్నారా? లేదు. కోళిక్కోడ్ ఖాజీ చెప్పింది కోళిక్కోడ్‌కు, హైదరాబాద్ రూయతె హిలాల్ కమిటీ చెప్పింది హైదరాబాద్‌కు. షీర్ ఖుర్మా రెండు చోట్లా తియ్యగానే ఉంది.

ఇది కొత్త వింత కూడా కాదు. సహీహ్ ముస్లింలో కురైబ్ అనే ఆయన కథ ఉంది. ఆయన డమాస్కస్ వైపు వెళ్లి, అక్కడ శుక్రవారం రాత్రి రంజాన్ వంక చూశాడు. నెలాఖరుకు మదీనా తిరిగొచ్చాడు. మదీనా వాళ్లు శనివారం రాత్రి చూశారట. ప్రవక్తకు దగ్గరి బంధువైన ఇబ్న్ అబ్బాస్‌కు ఈ సంగతి చెప్పాడు. అక్కడ ఏలుతున్న ముఆవియా కూడా ఉపవాసం మొదలుపెట్టేశాడు కదా, అది చాలదా అని అడిగాడు. చాలదన్నాడు ఇబ్న్ అబ్బాస్. మాకు మేం చూసినదే లెక్క, ముప్పై నిండేదాకానో వంక కనపడేదాకానో ఉంటాం అన్నాడు. గమనించారా? ఏలినవాడు డమాస్కస్‌లో కూర్చుని ఉన్నాడు. ఆయన నెల మదీనాలో చెల్లలేదు. అయినా ఎవరి తలా తెగలేదు. సుమారు పదమూడున్నర శతాబ్దాల కిందటి మాట ఇది. అప్పుడున్న ఇంగితం ఇప్పుడు శాటిలైట్లు పంపే రాజ్యాలకు ఎక్కడికి పోయింది?

ఇప్పుడు కుర్చీల సంగతి.

మళ్లీ 2025 మార్చికి రండి. మార్చి 29, శనివారం. అమావాస్య ముగిసింది మన గడియారంలో సాయంత్రం 4 గంటల 28 నిమిషాలకు. సౌదీ గడియారంలో మధ్యాహ్నం 1 గంట 58 నిమిషాలకు. ఆ రోజు ఐరోపాలో, మొరాకోలో పాక్షిక సూర్యగ్రహణం కూడా పట్టింది. అంటే చంద్రుడు సూర్యుడికి అడ్డంగా నిలబడి ఉన్నాడని లోకమంతా ఫొటోలు తీసుకుంది. భూమ్మీద ఆఖరి చోట ఆ గ్రహణం విడిచింది సౌదీ కాలమానం ప్రకారం 3 గంటల 43 నిమిషాలకు. రియాద్ వైపు సూర్యుడు కుంకింది ఆరు గంటల ప్రాంతంలో. అంటే గ్రహణం విడిచి రెండున్నర గంటలు కూడా కాలేదు. చంద్రుడి వయసు నాలుగు గంటలు. సూర్యుడి నుంచి జరిగిన దూరం దాదాపు మూడు డిగ్రీలు. ఆ సాయంత్రం సౌదీలో "నెలవంక కనపడింది" అని సాక్షులు చెప్పారు. సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రేపే ఈద్ అంది.

కనపడిందా? నిజంగా?

ప్రపంచంలో మామూలు కంటితో చూసిన అతి చిన్న వయసు నెలవంక ఎంతో తెలుసా? పదిహేనున్నర గంటలు. 1990లో స్టీఫెన్ ఓమీరా అనే అమెరికన్ చూశాడు. ఆకాశాన్ని చూడటంలో ఆయన చూపు పేరుమోసింది. టెలిస్కోపుతో చూసిన రికార్డు పదకొండు గంటల నలభై నిమిషాలు. 2002లో జిమ్ స్టామ్ చూశాడు. వీళ్లిద్దరూ ఏళ్ల తరబడి అదే పనిగా వెతికినవాళ్లు. మరి సౌదీ ఎడారిలో నాలుగు గంటల చంద్రుణ్ని చూసిన ఆ మహానుభావుల కళ్లు ఏ కంపెనీవి? సూర్యుడికి ఏడు డిగ్రీల లోపల ఉంటే నెలవంక కంటికి ఆకారమే కట్టదని ఫ్రెంచి ఖగోళవేత్త ఆంద్రే డాంజో 1930లలోనే చెప్పాడు. ఇక్కడున్నది మూడు. వంకే లేనప్పుడు చూసిందేమిటి?

మన లెక్కలో చెప్పుకుందాం, ఇంకా బాగా వినిపిస్తుంది. ఆ శనివారం మన పంచాంగంలో అమావాస్య. మన అమ్మమ్మలు నెలపొడుపు కోసం విదియ నాడు పడమటి వైపు చూస్తారు. పాడ్యమి నాడు కూడా చూడరు, కనపడదని తెలుసు కాబట్టి. బళ్లోకి వెళ్లని ముసలమ్మకు తెలిసిన ఖగోళం ఇది. సౌదీ సాక్షులు అమావాస్య సాయంత్రమే నెలపొడుపు చూసేశారు!

ఇంకో పిట్టకథ ఉంది. పడమరకు వెళ్లేకొద్దీ వంక తేలిగ్గా కనపడాలని చెప్పుకున్నాం కదా. రియాద్ కన్నా కైరో పడమర. అక్కడ పొద్దు ఒక గంట పైచిలుకు ఆలస్యంగా కుంకుతుంది. చంద్రుడి వయసు అంతమేర పెరుగుతుంది. ఈజిప్టు వాళ్లదీ ఆ రోజు ఇరవై తొమ్మిదో ఉపవాసమే, వాళ్లూ చూశారు. కనపడలేదన్నారు. 31నే పండుగ చేసుకున్నారు. జోర్డాన్‌దీ అదే మాట. ఒమన్‌దీ అదే మాట. అంటే పసికూనగా ఉన్నప్పుడు కనపడిన చంద్రుడు, కాస్త పెద్దవాడయ్యాక మాయమైపోయాడు. సిగ్గుపడ్డాడేమో!

మరి ఎందుకిలా? సౌదీలో 'ఉమ్ముల్ ఖురా' అని ఒక అధికారిక క్యాలెండర్ ఉంది. ఆఫీసులు, వ్యవహారాలు నడపడానికి ముందే అచ్చేస్తారు. 2002 నుంచి దాని నియమం ఇది: మక్కాలో సూర్యాస్తమయానికి ముందే అమావాస్య ముగిసి, సూర్యుడి తర్వాత చంద్రుడు అస్తమిస్తే చాలు, మర్నాడు కొత్త నెల. ఎంతసేపు తర్వాత? ఒక్క నిమిషం తర్వాతైనా సరే. కనపడాలన్న షరతు అందులో లేదు. మార్చి 29న మక్కాలో చంద్రుడు సూర్యుడి వెనకే కొద్ది నిమిషాలకు దిగిపోయాడు. క్యాలెండర్ అప్పటికే 30వ తేదీని కొత్త నెలగా అచ్చేసి కూర్చుంది.

అచ్చేసుకుంటే తప్పేముంది? ఏమీ లేదు. తుర్కియే చాన్నాళ్లుగా లెక్క మీదే నడుస్తోంది. వంక ఎంత ఎత్తులో ఉండాలి, సూర్యుడికి ఎంత దూరంలో ఉండాలి అని కొలతలు పెట్టుకుని, "మేం లెక్కేస్తాం" అని మొహం మీదే చెబుతుంది. నచ్చినవాళ్లు ఒప్పుకుంటారు, లేనివాళ్లు తిడతారు. ఒమన్‌ది మరో దారి. కంటితో చూస్తారు, కానీ లెక్క ప్రకారం కనపడే వీల్లేని రోజు ఎవడొచ్చి చూశానన్నా "వెళ్లిరా నాయనా" అంటారు. ఇదీ నిజాయితీయే. సౌదీ చేసేది మూడోది. ఇరవై తొమ్మిదో సాయంత్రం సుప్రీంకోర్టు జనానికి పిలుపునిస్తుంది. కంటితోనో దుర్భిణీతోనో చూడండి, చూసినవారు దగ్గర్లోని కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పండి అంటుంది. జనం మెడలెత్తి చూస్తారు. ఆ సాక్ష్యం ఎక్కువసార్లు అచ్చులో ఉన్న తేదీ మీదకే వచ్చి వాలుతుంది. ప్రశ్నపత్రం లీకైన పరీక్ష ఇది. జవాబు ముందే గోడ మీద ఉంది, ఇన్విజిలేటర్ మాత్రం గంభీరంగా తిరుగుతున్నాడు.

సౌదీ ఈద్ అనగానే ఎమిరేట్స్, ఖతార్, కువైట్, బహ్రెయిన్ తలలూపాయి. అల్ ఐన్‌లో పండుగ, బురైమిలో ఉపవాసం వచ్చింది అలాగ. ఆ రెండూళ్ల మధ్య తేడా తెచ్చింది చంద్రుడు కాదు, విదేశాంగం. లేబర్ క్యాంపుల్లో ఉండే మన జగిత్యాల, నిజామాబాద్, కడప జనాన్ని అడగండి. కంచె ఇవతల పనిచేసేవాడికి ఈ రోజు సెలవు, అవతల సైటులో ఉన్నవాడికి రేపు. బంధువులైనా సరే, పండుగ నాడు కలిసి ఒక ముద్ద తినే యోగం లేదు. మధ్యలో ఏ సముద్రం ఉందని?

సౌదీని అన్నాం కాబట్టి పాకిస్తాన్‌ను వదిలేస్తే బాగుండదు. అక్కడిది ఇంకా ముచ్చటైన కథ.

పాకిస్తాన్‌లో నెలవంక చూడటానికి సర్కారీ కమిటీ ఉంది. 1970ల నుంచీ ఉంది. దానికి చైర్మన్, సభ్యులు, సమావేశాలు, టీవీ కెమెరాలు, టెలిస్కోపులు అన్నీ ఉన్నాయి. పెషావర్‌లో మస్జిద్ ఖాసిం అలీ ఖాన్ ఉంది. అక్కడ ముఫ్తీ పోపల్జయీకి సర్కారీ కమిటీ కన్నా తరచుగా ఒక రోజు ముందే వంక కనపడుతుంది. గంటకు అర డిగ్రీ లెక్క ఆయన దగ్గర పనిచెయ్యదు. దాదాపు ఏటా ఇదొక తంతు.

2019లో ఆ తంతు శిఖరమెక్కింది. సర్కారు లెక్కలో రంజాన్ మే 7న మొదలైంది. పెషావర్ మస్జిదు లెక్కలో మే 6న. సరే, ఒక్క రోజు తేడా, వాదించుకోవచ్చు. జూన్ 3 వచ్చింది. ఆ రోజు అమావాస్య ముగిసింది పాకిస్తాన్ కాలమానంలో మధ్యాహ్నం 3 గంటల 2 నిమిషాలకు. పెషావర్‌లో పొద్దు కుంకింది ఏడుంబావు దాటాక. వంక వయసు నాలుగుంబావు గంటలు. పోపల్జయీ గారి దగ్గరకు సాక్ష్యాలు వచ్చేశాయి. రేపే ఈద్ అన్నారు. ఆయన అన్నాడంటే ఆయనిష్టం. కానీ ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్ర ప్రభుత్వం కూడా "అవును, జూన్ 4నే ఈద్" అనేసింది!

ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ రాష్ట్రంలో సర్కారు మాట విని మే 7న ఉపవాసాలు మొదలెట్టినవాడి పరిస్థితి ఏమిటి? మే 7 నుంచి జూన్ 3 దాకా ఎన్ని? ఇరవై ఎనిమిది! ఇరవై ఎనిమిది రోజుల చాంద్రమాన నెల అంటూ లేదు. ఏ మతంలోనూ లేదు, ఏ పంచాంగంలోనూ లేదు. ఒక రాష్ట్ర ప్రభుత్వం దాన్ని కనిపెట్టింది. తక్కువ పడిన ఒక రోజును తర్వాత ఖజా కింద ఉంటే సరిపోతుందని సర్దుబాటు చెప్పింది. దేవుడికి బాకీ చీటీ రాసిచ్చినట్టు!

నవ్వు ఇక్కడ ఆగదు. ఇస్లామాబాద్‌లో అప్పుడున్నదీ అదే పార్టీ ప్రభుత్వం. అక్కడ సైన్సు మంత్రి ఫవాద్ చౌధురి ఆ ఏడే అయిదేళ్ల వైజ్ఞానిక క్యాలెండర్ వేయించి, ఈద్ జూన్ 5 అని ముందే చెప్పి కూర్చున్నాడు. సర్కారీ కమిటీ ఆయన మీద మండిపడింది, ఆయన కమిటీ మీద మండిపడ్డాడు. చివరికి కమిటీ జూన్ 4 సాయంత్రం చూసి చెప్పిందీ జూన్ 5నే. తిట్టుకున్న ఇద్దరి తేదీ ఒకటి. కలిసి ఏలుతున్న పార్టీ తేదీలు రెండు. ఇక వీళ్లు ఆకాశంలో ఏం వెతికారో మీరే చెప్పండి.

ఆ దేశంలో ఇది జైలు దాకా వెళ్లిన చరిత్ర కూడా ఉంది. 1967లో అయూబ్ ఖాన్ సర్కారు ప్రకటించిన ఈద్ తేదీని ఉలేమాలు ఒప్పుకోలేదు. మౌలానా మౌదూదీ సహా కొందరిని పట్టుకెళ్లి లోపలేశారు. శుక్రవారం నాడు ఈద్ వస్తే ఏలినవాడికి కీడని ఒక నమ్మకం ఉందనీ, అందుకే తేదీని ముందుకు జరిపారనీ అప్పట్లో జనం చెప్పుకున్నారు. ఫీల్డ్ మార్షల్ గారికి యుద్ధట్యాంకులంటే భయం లేదు, శుక్రవారమంటే భయం!

మన దగ్గర ఇంత రభస లేదు కదా అని కాలర్ ఎగరేసేవాళ్లు ఆగాలి. మన జబ్బు వేరు. ఇక్కడ అబద్ధం కాదు, నిర్లక్ష్యం.

కేంద్ర ప్రభుత్వం ఏటా వచ్చే ఏడాది సెలవుల జాబితా ముందుగానే విడుదల చేస్తుంది. అందులో రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాదున్నబీ తేదీలు ఉంటాయి. గట్టిగా, ఖచ్చితంగా, మిగతా సెలవులతో సమానంగా. కిందెక్కడో పేరాలో ఒక ముక్క దాక్కుని ఉంటుంది. ఈ తేదీలు మారవచ్చు. చాలా తక్కువ వ్యవధిలో మారవచ్చు. అప్పుడు టీవీలో, రేడియోలో, పేపర్లో చెబుతాం. ఆఫీసుల అధిపతులు విడిగా ఉత్తర్వుల కోసం చూడకుండా దాన్నిబట్టి నడుచుకోవాలి. ఇదీ సారాంశం. అంటే నలభై కాగితాలుంటే తప్ప ఒక కుర్చీ కూడా కదలని ప్రభుత్వం, ఈ ఒక్క విషయంలో మాత్రం "టీవీ చూసుకోండి" అంటుంది! మారవచ్చని వీళ్లకు ముందే తెలుసు. ఆ మాట తేదీ పక్కనే ఎర్ర అక్షరాల్లో వేస్తే సిరా అయిపోతుందా?

ఆ కింది పేరా ఎవరి కంట పడుతుంది? గోడ క్యాలెండర్ వేసేవాడికి పడదు. వాడు ఒక్క గడిని ఎర్రగా పూసి చేతులు దులుపుకుంటాడు. పరీక్షల తేదీలు వేసే బోర్డుకు పడదు. సరిగ్గా ఆ అనుమానపు రోజునే పేపరు పెడుతుంది. ప్రైవేటు కంపెనీకి అసలు పడదు. "మా సిస్టమ్‌లో సెలవు బుధవారమే ఉంది, గురువారం కావాలంటే నీ లీవు పెట్టుకో" అంటుంది. చంద్రుడు వాళ్లకు ముందుగా మెయిల్ పెట్టకపోవడం తప్పే మరి! రోజుకూలీ ముస్లిం సంగతి ఎవరికీ పట్టదు. సెలవన్న రోజు పని పోయింది. పండుగైన రోజు తనే మానేశాడు. రెండు రోజుల కూలి గాల్లో కలిసింది. ఏ గెజెట్ ఇస్తుంది ఆ డబ్బు?

ఇక మన టీవీ మొనగాళ్లు. ఇరవై ఎనిమిదో ఉపవాసం నాడే "బ్రేకింగ్: నెలవంక దర్శనం, రేపే రంజాన్" అని స్క్రోలింగ్ వేస్తారు. కింద చిన్నక్షరాల్లో "సౌదీలో". చార్మినార్ బొమ్మ మాత్రం పెద్దగా! పాతబస్తీలో ఫోన్లు మోగుతాయి. గాజుల కొట్టువాడు సరుకు విప్పాలో లేదో తెలియక నిలబడతాడు. నిజంగా రూయతె హిలాల్ కమిటీ కూర్చునే సాయంత్రం మాత్రం ఆ యాంకరు ఇంకేదో ఊగిపోయే చర్చలో ఉంటాడు. ఒక్కడంటే ఒక్కడు "ఇవాళ అమావాస్య ఎన్ని గంటలకు ముగిసింది?" అని అడిగిన పాపాన పోయాడా?

ఇదంతా చదివి "చూశారా వాళ్ల గందరగోళం" అని ముసిముసిగా నవ్వుకుంటున్న మహాశయులకు ఒక మనవి. 2023లో వినాయకచవితి సెప్టెంబర్ 18నా, 19నా అని వారాల తరబడి సిద్ధాంతులు తలపడిన రాష్ట్రం మనదే. 2024లో దీపావళి అక్టోబర్ 31నా, నవంబర్ 1నా అని దేశమంతా తల పట్టుకుంది. వాళ్లకు మబ్బు అడ్డం వచ్చిందనుకుందాం. మనకు ఏం అడ్డం వచ్చింది? కాబట్టి నవ్వు కాస్త తగ్గిద్దాం.

పరిష్కారం ఏదో ప్రపంచ క్యాలెండర్‌లో ఉందని చెప్పేవాళ్లు ఉన్నారు. 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద సభ పెట్టి, లోకమంతటికీ ఒకే హిజ్రీ క్యాలెండర్ అని తీర్మానం కూడా చేశారు. తీర్మానం ఇస్తాంబుల్‌లోనే ఉంది. నాకైతే దాని మీద పెద్ద మోజు లేదు. కేరళ 10న, హైదరాబాద్ 11న చేసుకుంటే కొంపలేం మునిగాయి? మా ఊళ్లో కనపడితే మా పండుగ అనడం సూటి మాట. లెక్కేసుకుని చేసుకుంటాం అనడమూ సూటి మాటే. లెక్కేసి, చూశామని చెప్పడమే మోసం. మారుతుందని తెలిసి, మారదన్నట్టు అచ్చేయడమే బాధ్యతారాహిత్యం.

అందుకని అడగాల్సినవి అడుగుదాం. వంక చూశామన్న ప్రతి ప్రకటనలో ఏ ఊళ్లో చూశారు, ఎన్ని గంటలకు చూశారు, సూర్యుడికి ఏ పక్కన ఎంత ఎత్తులో ఉంది అన్నది రాయమనండి. చూసినా కనపడలేదన్న ఊళ్ల పేర్లు కూడా వేయమనండి. అవి దాచేవాడి మీదే అనుమానపడాలి. సెలవుల జాబితాలో ఒక్క తేదీకి బదులు "ఈ రోజు లేదా మర్నాడు" అని పక్కపక్కనే అచ్చేయమనండి. ఆ రెండు రోజులూ పరీక్షలు పెట్టొద్దనండి. ఇందులో పైసా ఖర్చు లేదు, ఏ మతానికీ నొప్పి లేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి టీవీలో నెలవంక బ్రేకింగ్ రాగానే దృగ్గణిత పంచాంగం తీయండి. అమావాస్య ఎన్ని గంటలకు ముగిసిందో అందులో ఉంటుంది. వంక కనపడిందన్న ఊరి సూర్యాస్తమయం మన కాలమానంలో ఎప్పుడో చూడండి. రెంటికీ మధ్య పదిహేను గంటలు కూడా లేకపోతే, ఆ వంకను మామూలు కంటితో ఎవరూ చూడలేదు. ఎంత పెద్ద కోర్టు చెప్పినా సరే.